ప్రిన్సిపల్ గారికి చెత్త గురించి ఉత్తరం రాసేముందు

చి. శిరీషకు మావయ్య ఆశీస్సులు.

మెస్ చెత్తను వేరుచేసి ఎరువు చేద్దామని ప్రిన్సిపల్ గారికి రాసి నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. మొదటి పేజీ అంతా భూతాపం, రెండో పేజీలో సగం దాకా స్వచ్ఛత. మీ హాస్టల్ మెస్ వెనక రోజూ పారేస్తున్న అన్నం సంగతి మూడో పేజీలో గానీ రాలేదు. ప్రిన్సిపల్ గారు అంతదాకా చదవరమ్మా. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి అర్జీలు నా బల్ల మీదకి చాలా వచ్చేవి. పని జరిగినవన్నీ దాదాపు ఒక్క పేజీవే. తడి, పొడి వేరుచేయడం మంచిదని ఆయనకీ తెలుసు. వాసన వస్తే ఎవరు తిడతారు, ఆ పని ఎవరు చేస్తారు, డబ్బెంత అన్నవే ఆయన టెన్షన్. వాటికి జవాబు చెప్పేలా రాయి.

ముందు తూకం వేయించు. కూరగాయలు తూచే కాటా మెస్‌లో ఎలాగూ ఉంటుంది. ఏడు రోజులు వరసగా, ఆదివారం చికెన్ రోజు కూడా కలిపి, వంటింటి తొక్కలు ఒక డ్రమ్ములో, కంచాల్లో మిగిలింది ఇంకో డ్రమ్ములో వేయించి తూచండి. డ్రమ్ము బరువు తీసేయడం మరిచిపోకండి. సాంబారు, మజ్జిగ నీళ్లు డ్రమ్ములో పడకుండా పైన ఒక జల్లెడ పెట్టండి. లేకపోతే మీరు తూచేది సగం నీళ్లే. ఆ లెక్కను ఉత్తరం మొదటి వాక్యంలోనే పెట్టు. "చాలా వృథా అవుతోంది" అంటే ఎవరూ కదలరు. "మన మెస్ నుంచి రోజుకు సగటున 30 కిలోలు" అంటే వార్డెన్ గారు తలెత్తి చూస్తారు.

రెండోది, క్యాంపస్ అంతటికీ ఒకేసారి అడగొద్దు. ఒక మెస్, ఒక సెమిస్టర్ చాలు. లక్షలు పోసి మెషీన్ కొనమని అసలే అడగొద్దు. ఒక్క రోజులో ఎరువు తయారవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, అందులోంచి బయటికొచ్చేది చాలావరకు పొడిచేసి ఎండబెట్టిన అన్నమే. తడి తగిలితే మళ్లీ కుళ్లుతుంది. దాన్నీ కొన్ని వారాలు మాగబెట్టాల్సిందే.

దానికి బదులు ఇటుక తొట్టెలు అడుగు. అడ్డం, పొడవు, ఎత్తు అన్నీ మీటరు, గోడల్లో గాలి ఆడేలా ఇటుకకీ ఇటుకకీ మధ్య సందులు, పైన రేకు, చుట్టూ కుక్కలు రాకుండా మెష్. రోజుకు 30 కిలోలంటే ఒక తొట్టె నిండటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. నాలుగోది నిండేసరికి మొదటిది తవ్వుకోవడానికి వస్తుంది. తిరగేసేటప్పుడు ఖాళీ ఒకటి చేతిలో ఉండాలి కాబట్టి ఐదు అడుగు. చికెన్ ఎముకలు మొదటి సెమిస్టర్‌లో వేయకండి.

ఇప్పుడు అసలు సంగతి. నీ చిత్తుప్రతిలో ఎండుటాకుల ప్రస్తావనే లేదు. కాలేజీల్లో కంపోస్టు చెడేది ఎక్కువగా అక్కడే. వండిన అన్నం ముద్దగా ఉంటుంది, లోపలికి గాలి వెళ్లదు. బకెట్టు ఆహారానికి మూడు బకెట్ల ఎండుటాకులు పడితేనే అది మగ్గుతుంది. 30 కిలోలకు రోజూ ఏడెనిమిది కిలోల ఆకు కావాలి. ఫిబ్రవరి, మార్చిలో మీ క్యాంపస్‌లో కుప్పలు కుప్పలుగా రాలుతుంది, తోటమాలి తగలబెట్టేస్తాడు. జులై వచ్చేసరికి చెట్టు పచ్చగా ఉంటుంది, కింద ఉన్న కాస్తా తడిసిపోతుంది. వాసన మొదలయ్యేదీ, "ఎత్తేయండి" అని ఆర్డరు వచ్చేదీ అప్పుడే. జులై నుంచి నవంబరు దాకా ఐదు నెలలకు దాదాపు 1,200 కిలోలు ముందే దాచుకోవాలి. తొక్కకుండా పోస్తే నాలుగు మీటర్ల చదరంలో నిలువెత్తు దాకా వస్తుంది. కాబట్టి తొట్టెల పక్కనే రేకు కింద ఆకుల గూడు ఒకటి ఉత్తరంలో విడిగా అడుగు. ఆకులు తగలబెట్టకుండా అక్కడికి చేర్చమని తోటపని వాళ్లకు ఒక సర్క్యులర్ కూడా అడుగు. దానికి పైసా ఖర్చు లేదు. ఆకు చాలకపోతే రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు పనికొస్తాయి.

వాసన గురించి వాళ్లు అడిగేలోపు నువ్వే రాయి. సాయంత్రానికి తొట్టెలో పైకి అన్నం మెతుకు కనబడకూడదు, ఆకు కప్పే ఉండాలి. కనబడితే ఈగలు వాలతాయి, రెండు మూడు రోజుల్లో తెల్ల పురుగులు పాకుతాయి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే తడి ఎక్కువై గాలి ఆడడం లేదని. ఆకు కలిపి తిరగేయాలి. ముక్కు మండే ఘాటు వస్తే ఆకు తక్కువైందని. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. కుప్పలోకి ఇనుప చువ్వ గుచ్చి ఐదు నిమిషాలాగి తీస్తే చెయ్యి పెట్టలేనంత కాలాలి. అలా కాలుతుంటే లోపల వేడి బాగా పుట్టిందని, సరిగ్గా నడుస్తోందని అర్థం. చివరికి తిరగేసినా వేడెక్కకుండా, వాన పడ్డ మట్టి వాసన వస్తే ఎరువు అయినట్టే. మొక్కలకు వేసేముందు ఇంకో నెల నీడలో ఉంచండి.

పనివాళ్ల మాట. "విద్యార్థులు స్వచ్ఛందంగా చేస్తారు" అని రాశావు. పరీక్షల వారంలో చేస్తారా? ఆకు పోయడం, కప్పడం, తిరగేయడం రోజుకు గంట పని. దానికి ఒక మనిషికి జీతంతో పాటు గ్లవ్స్, బూట్లు, పార అడుగు. ఇప్పటికే మెట్లు, బాత్రూములు కడుగుతున్న ఆయమ్మల నెత్తిన ఈ పని పడేయొద్దు. మీరు చేయాల్సింది కంచం దగ్గర నిలబడి ఎవరేం ఎక్కడ వేస్తున్నారో చూడటం. మొదటి నెల అక్కడ మనిషి లేకపోతే పెరుగు కప్పులు, టిష్యూలు అన్నీ అన్నంలోకే వస్తాయి.

పచ్చ డబ్బా తడికి, నీలం పొడికి అని అందరికీ తెలుసు. లేడీస్ హాస్టల్‌లో ప్యాడ్లకు మూత ఉన్న ఎర్ర డబ్బా, చుట్టి వేయడానికి పాత పేపరు కూడా అడుగు. సిగ్గుపడి ఆ లైను వదిలేస్తే అవన్నీ పొడి చెత్తలో కలుస్తాయి, ఏరే మనిషి చేతికి తగులుతాయి. ఇంకో పని. చెత్త బండి డ్రైవర్‌ని కలిసి, రెండూ వేరుగా తీసుకెళ్తాడా, ఒకే తొట్టిలో కుమ్మరిస్తాడా కనుక్కో. కుమ్మరించే పనైతే పొడి చెత్త పాత సామాన్ల వాళ్లకు వెళ్లే ఏర్పాటు ముందే చూసుకోండి.

చట్టం మాట చివర్లో, రెండు వాక్యాల్లో. రోజుకు అన్ని రకాల చెత్తా కలిపి 100 కిలోలు దాటే సంస్థలను 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పెద్ద ఉత్పత్తిదారులుగా లెక్కించి, తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే శుద్ధి చేసుకోమన్నాయి. నువ్వు రాసే రోజుకు అమల్లో ఉన్న ప్రతి తీసి చూసుకుని మరీ రాయి. మెస్సులన్నీ, పొడి చెత్తా కలిపితే మీది 100 దాటుతుందో లేదో కూడా తూచి చూడు. దీనికంటే గట్టిగా పనిచేసేది కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్. వాళ్ల ఏడో ప్రమాణంలో చెత్త నిర్వహణ ఏర్పాట్ల గురించి అడుగుతూ వచ్చారు. ఆ ఫైలు చూసే లెక్చరర్‌ని ముందే కలువు.

మీరు ఇంగ్లీషులో రాసినా వరస ఇదే ఉండాలి:

"మన మెస్ నుంచి రోజుకు సగటున 30 కిలోల తడి చెత్త వస్తోంది (వారం తూకం జతపరిచాము). ఒక సెమిస్టర్ ప్రయోగంగా మెస్ వెనక ఐదు ఇటుక తొట్టెలు, ఒక ఆకుల గూడు, రోజుకు గంట పనికి ఒక మనిషి కోరుతున్నాము. వాసన గురించి ఫిర్యాదు వస్తే రెండు రోజుల్లో సరిచేస్తాము, చేయలేకపోతే మీరు ఆపేయవచ్చు. ప్రతి నెలా తూకం వివరాలు అందజేస్తాము."

ఆపేయవచ్చు అన్న ముక్క తీసేయకు. సంతకం పెట్టడానికి ఆయనకు ధైర్యమిచ్చేది అదే. ప్రతులు చీఫ్ వార్డెన్‌కి, మెస్ మేనేజర్‌కి పంపు. మేనేజర్‌ని మాత్రం ముందే స్వయంగా వెళ్లి కలువు, ఉత్తరం చూసి తెలిసిందనుకుంటే ఆయన అడ్డం తిరుగుతాడు. జనవరిలో ఇస్తే ఆకు రాలేలోపు గూడు లేస్తుంది. తూకం కాగితం ముందు నాకు వాట్సాప్ చెయ్యి, కూడికలు చూసి పంపిస్తాను.

మీ మావయ్య