అప్పులు తీర్చే యాప్ కావాలా?

ప్రశ్న: మా ఆయనా నేనూ ఉద్యోగాలు చేస్తున్నాం. క్రెడిట్ కార్డు బాకీ 40,000, లోన్ యాప్‌లో 12,000, బంగారం మీద 60,000 ఉన్నాయి. ఖర్చులు పోను నెలకు 14,000 మిగులుతుంది. ఏడాదిలో ఇవన్నీ తీర్చి, అత్యవసరానికి కొంత దాచుకోవాలి. ఇద్దరి లెక్కా ఒకేచోట చూపే మంచి యాప్ చెప్పండి. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: యాప్ వద్దండి. ఇదే ప్రశ్న వస్తూనే ఉంది, నా జవాబూ మారడం లేదు. ఖర్చులు లెక్కగట్టే యాప్‌లు చాలావరకు ముందు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతాయి. మీ ఓటీపీలు వచ్చేదీ అక్కడికే. పైగా జీతం ఎప్పుడు అయిపోతుందో కనిపెట్టి, సరిగ్గా నెలాఖరున ‘మీకు లోన్ రెడీ’ అంటాయి. పొదుపు నేర్పాల్సిన యాప్ అప్పు అమ్మడమేమిటో! ఇద్దరూ తెరవగలిగే స్ప్రెడ్‌షీట్‌లో తేదీ, కట్టింది, మిగిలింది అని రాసుకుంటే చాలు.

మొదటి నెల లోన్ యాప్ 12,000 కట్టేయండి, మిగతా 2,000 కార్డు మినిమమ్ డ్యూకి. నాకు టెన్షన్ ఈ యాప్ గురించే. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదని ఆర్బీఐ 2022లోనే చెప్పింది. మీ యాప్ అవి అడిగి ఉంటే దాన్ని నమ్మకండి, ఆ అనుమతులు ఇప్పుడే తీసేయండి. ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన యూపీఐ ఐడీకి డబ్బు వేయొద్దు. అప్పిచ్చిన సంస్థ ఖాతాకే చేరాలి. కట్టాక బాకీ లేదని లెటర్ తీసుకుని, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే రద్దు చేసి, ఆ తర్వాతే డిలీట్ కొట్టండి. చాలామంది ముందే డిలీట్ చేసి అప్పు పోయిందనుకుంటారు. బాకీ అలాగే ఉంటుంది, ఆటోపే కూడా. బెదిరింపులు వస్తే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రెండో నెల నుంచి మొత్తం కార్డుకే. నెలకు మూడున్నర శాతం వడ్డీ, దాని మీద జీఎస్టీ అనుకున్నా అయిదో నెల మొదట్లో తీరిపోతుంది. అందాకా కార్డు గీకకండి. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నదానికి మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. తర్వాత బంగారం. ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కన తొమ్మిదో నెలలో నగ ఇంటికొస్తుంది. మధ్యలో ఆసుపత్రి ఖర్చు పడినా, సిరిమాను సంబరానికి చుట్టాలు దిగినా ఆ నెల బంగారానికి కట్టేది తగ్గించుకోండి.

అన్నీ అనుకున్నట్టు జరిగితే ఏడాది చివరికి 46,000కు పైగా చేతిలో ఉంటుంది. దాన్ని ఇద్దరి పేరుతో వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఎవరు వెళ్లినా తీసుకునేలా ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పెట్టించండి. ఆ ఖాతాను మాత్రం ఏ యూపీఐ యాప్‌కీ కలపకండి.