టెక్ సందేహాలు: షుగర్ పేషెంట్లకే యాడ్ చూపించవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో మాది షుగర్ క్లినిక్. ఫేస్‌బుక్ యాడ్‌లో ఇంట్రెస్ట్ దగ్గర World Diabetes Day లాంటివి కొడితే ఏమీ రావడం లేదు. మా పాత పేషెంట్ల ఫోన్ నంబర్లు గూగుల్ యాడ్స్‌లో ఎక్కిస్తే Eligible (limited) అంటోంది, యాడ్ ఎవరికీ కనిపించడం లేదు. అకౌంట్ ఏమైనా బ్లాక్ అయిందా?

అకౌంట్‌కి ఏమీ కాలేదు. మీరు అడుగుతున్న టార్గెటింగే ఇప్పుడు లేదు. ఆరోగ్యం, మతం, రాజకీయ అభిప్రాయం, లైంగిక ధోరణి వంటి విషయాలకు సంబంధించిన ఇంట్రెస్టులను ఫేస్‌బుక్ యజమాని మెటా 2022 జనవరి 19 నుంచి తీసేసింది. తీసేసేవాటికి ఉదాహరణలుగా అప్పుడు చెప్పిన పేర్లలో World Diabetes Day కూడా ఉంది. నిజానికి ఆ ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లందరికీ షుగర్ ఉన్నట్టు కాదు. ఫలానా పేజీలు, పోస్టులు చూశారని మాత్రమే అర్థం. అయినా ఆ జాబితాకి యాడ్ పంపి, నొక్కినవాళ్ల వివరాలు తీసుకుంటే ఎవరికి జబ్బు ఉందో మూడో మనిషి ఊహించే వీలుంటుంది. అందుకే ఎత్తేశారు. బదులుగా ‘షుగర్ ఫ్రీ’ తిండి లాంటి పక్కదారి ఇంట్రెస్టులు పెట్టమని కొందరు సలహా ఇస్తుంటారు. వాటితో డైటింగ్ చేసే పాతికేళ్ల పిల్లలు దొరుకుతారు గానీ మీ పేషెంట్లు దొరకరు.

ఇక ఫోన్ నంబర్ల లిస్టు. ఎక్కించే ముందు నంబర్లను హ్యాష్ చేస్తారు, అంటే గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మారుస్తారు కదా, ఇబ్బందేముందని చాలామంది అంటారు. హ్యాష్ వల్ల నంబరు నేరుగా కనిపించదు, అంతే. అవతల ఏ అకౌంట్‌తో అది సరిపోలిందో ప్లాట్‌ఫాంకి తెలుస్తుంది. లిస్టు పేరు ‘షుగర్ పేషెంట్స్ 2024’ అయితే, ఆ అకౌంట్ల వాళ్లకు షుగర్ ఉందని మీరే చెప్పినట్టు. ఆరోగ్య సమాచారం పంపకూడదని మెటా నిబంధనల్లో ముందునుంచీ ఉంది. పేరులోనే జబ్బు కనిపించే లిస్టులను 2025 నుంచి అది తనంతట తానే గుర్తించి ఆపుతోంది. పేరు మారిస్తే సిస్టమ్‌కి దొరక్కపోవచ్చు, కానీ తప్పు తప్పే. వైద్యం కోసం ఇచ్చిన నంబరును యాడ్‌కి వాడతామని పేషెంట్‌ని మీరు అడగలేదు కదా.

గూగుల్ పద్ధతి వేరు. అక్కడ క్లినిక్ యాడ్ వేయడం తప్పు కాదు, ఆ యాడ్‌ని మీ సొంత లిస్టుకి అతికించడమే తప్పు. జబ్బులు, అప్పుల ఇబ్బందులు, విడాకులు, మత విశ్వాసాల వంటి అంశాల్లో కస్టమర్ లిస్టులు, సైట్‌కి వచ్చి వెళ్లినవాళ్లను మళ్లీ వెంటాడే రీమార్కెటింగ్, మీరు తయారు చేసుకున్న కస్టమ్ సెగ్మెంట్లు పనిచేయవు. మీకు కనిపిస్తున్న Eligible (limited) స్టేటస్ మీద మౌస్ పెడితే కారణంగా Health in personalized advertising అనే పాలసీ పేరు కనిపిస్తుంది. యాడ్ మంచిదే, ఆడియన్స్ మాత్రం కుదరదని దాని అర్థం. మీ డిస్‌ప్లే క్యాంపెయిన్‌లో ఆ లిస్టు ఒక్కటే ఆడియన్స్ కాబట్టి ఇంప్రెషన్లు సున్నా దగ్గరే ఆగిపోయాయి. అప్పీల్ చేసి లాభం లేదు, మీది నిజంగానే వైద్యం కదా. లిస్టును తీసేసి, సెర్చ్ క్యాంపెయిన్ విడిగా పెట్టండి. ‘షుగర్ డాక్టర్ హనుమకొండ’, ‘డయాబెటిస్ క్లినిక్ వరంగల్’ లాంటి కీవర్డ్‌లకు ఈ అడ్డు లేదు. అక్కడ గూగుల్ చూసేది మనిషి చరిత్రను కాదు, ఆ నిమిషంలో అతను టైప్ చేసిన మాటను. మీలాంటి క్లినిక్‌కి డబ్బు పెట్టాల్సిన చోటు కూడా అదే.

ఫేస్‌బుక్‌లో కూడా వేయాలనుకుంటే ఇంట్రెస్టులు వదిలేసి, మ్యాప్‌లో క్లినిక్ దగ్గర పిన్ గుచ్చి చుట్టూ పది కిలోమీటర్లు తీసుకోండి. వయసు దగ్గర చిన్న మెలిక ఉంది. యాడ్ ఎవరికి చూపాలో మెటా సిస్టమే ఎంచుకునే Advantage+ ఆడియన్స్‌లో మీరు 40–65 అని సూచనగా ఇస్తే అది సూచనే, అవసరమనుకుంటే సిస్టమ్ దాటేస్తుంది. కచ్చితంగా నిలిచేది Audience controls లోని కనీస వయసు ఒక్కటే. నాలుగు రోజుల తర్వాత రిపోర్టులో Breakdown తెరిచి Age ఎంచుకుంటే డబ్బు ఏ వయసు మీద ఖర్చయిందో వరుసగా కనిపిస్తుంది.

ఆడియన్స్ సరిగ్గా ఉన్నా మాట దగ్గర యాడ్ ఆగిపోవచ్చు. ‘మీకు షుగర్ ఉందా?’ అని రాస్తే చూసేవాళ్ల జబ్బు మీకు తెలిసినట్టు ధ్వనిస్తుంది, మెటా తిప్పి పంపుతుంది. ‘హనుమకొండలో షుగర్ పరీక్షలు, డాక్టర్ సలహా’ అంటే సేవ గురించి చెప్పినట్టు, అభ్యంతరం ఉండదు. ‘షుగర్ పూర్తిగా నయం చేస్తాం’ అనే మాట మాత్రం ఎక్కడా వద్దు. అలాంటి ప్రకటనలను నిషేధించే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో డయాబెటిస్ ఉంది. అది యాడ్ రిజెక్ట్ కావడంతో పోయే విషయం కాదు.

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ పిల్లలకు ఈఏపీసెట్ కోచింగ్ ఇస్తాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో 16–17 ఏళ్ల వాళ్లకి, ఇంజినీరింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకే యాడ్ వెళ్లాలంటే ఎలా? మా దగ్గర పోయినేడు డెమో క్లాసులకు వచ్చిన పిల్లల నంబర్లు ఉన్నాయి.

వెళ్లదు. 18 లోపు వాళ్ల విషయంలో మెటా 2021లో ఇంట్రెస్టులు తీసేసింది, 2023 ఫిబ్రవరిలో అబ్బాయా అమ్మాయా అనే ఎంపికనూ తీసేసింది. ఇప్పుడు మిగిలినవి వయసు, ఊరు, ఈ రెండే. గూగుల్‌లో అయితే వయసు వర్గాలు మొదలయ్యేదే 18–24 నుంచి, కాబట్టి 16–17 అనే గడి కోసం వెతక్కండి. పైగా ఈ కట్టుబాట్లు ఎక్కువగా అకౌంట్‌లో రాసిన పుట్టిన తేదీ మీద ఆధారపడతాయి. పదమూడేళ్లు నిండకముందే దొంగ సంవత్సరం వేసి అకౌంట్ తెరిచిన పిల్లవాడు ఈరోజు ఫేస్‌బుక్ లెక్కలో పాతికేళ్ల యువకుడు కావచ్చు. రిపోర్టులో 13–17 వరుస పలచగా కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

డెమో క్లాసుల నంబర్లను ఎక్కించే ఆలోచన మానుకోండి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండని ప్రతివారూ పిల్లలే. వాళ్లను ట్రాక్ చేయడం, వాళ్లను గురిచేసి ప్రకటనలు ఇవ్వడం సెక్షన్ 9 కింద కుదరదు. పిల్లల డేటాకి సంబంధించిన బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు ఏడాదిన్నర గడువుంది. విద్యాసంస్థలకు ఇచ్చిన మినహాయింపు చదువుకు, పిల్లల భద్రతకు అవసరమైన ట్రాకింగ్ వరకే. యాడ్‌లు అందులోకి రావు. ఆ లిస్టు ఎక్కించింది మీరు గనుక బాధ్యత ఫేస్‌బుక్ మీదకి నెట్టేయడం కూడా కష్టమే.

ఫీజు కట్టేది ఎలాగూ తల్లిదండ్రులే. డబ్బులో ఎక్కువ భాగం మీ సెంటర్ చుట్టూ 38–52 ఏళ్ల వాళ్లకి వెళ్లే యాడ్ సెట్‌లో పెట్టండి. ఫీజు, బ్యాచ్ టైమింగ్స్, హాస్టల్ ఉందా లేదా అన్నవి అందులో రాయండి. పిల్లలకి కూడా కనిపించాలంటే ఊరు, వయసు మాత్రమే పెట్టి వేరే చిన్న యాడ్ సెట్ చేయండి. రెండింటినీ కలిపేస్తే ఏది పనిచేసిందో తెలియదు. గూగుల్ సెర్చ్‌లో ‘ఈఏపీసెట్ కోచింగ్’ కీవర్డ్ పెట్టేటప్పుడు వయసుల్లో Unknown ని మాత్రం తీసేయకండి. వయసు తెలియనివాళ్లంతా అందులోనే ఉంటారు. దాన్ని ఎత్తేస్తే కోచింగ్ కోసం వెతికేవాళ్లలో చాలామందిని మీరే చేజేతులా వదులుకున్నట్టు.