పవర్‌బాల్ రెండు డాలర్లు, మెగా మిలియన్స్ అయిదు: ఏది కొనాలి?

"పవర్‌బాల్ టికెట్ 2 డాలర్లు, జాక్‌పాట్ 300 మిలియన్లు. మెగా మిలియన్స్ టికెట్ 5 డాలర్లు, జాక్‌పాట్ 500 మిలియన్లు. పెట్టిన డబ్బుకి ఏది మేలు?"

ఈ రెండు అమెరికన్ లాటరీల మీద మా ఆఫీసులో పన్నెండు మందిమి తలా అయిదు డాలర్లు వేసుకున్నప్పుడు సరిగ్గా ఇదే వాదన నడిచింది. జాక్‌పాట్ పెద్దది కాబట్టి మెగా కొందామన్నారు ఎక్కువమంది. గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర, రసీదు వెనకాల నేను లెక్క వేశాను.

జాక్‌పాట్ తగిలే అవకాశం పవర్‌బాల్‌లో 292 మిలియన్లలో ఒకటి, మెగాలో 290 మిలియన్లలో ఒకటి. దాదాపు సమానమే. కానీ మా 60 డాలర్లకి పవర్‌బాల్ 30 టికెట్లు వస్తాయి, మెగా 12 మాత్రమే. అంటే డాలర్‌కి వచ్చే అవకాశం పవర్‌బాల్‌లో రెండున్నర రెట్లు ఎక్కువ. ఆ తేడా పూడాలంటే మెగా జాక్‌పాట్ కూడా రెండున్నర రెట్లుండాలి. పై ప్రశ్నలోని అంకెల్లో 500ని 300తో భాగిస్తే 1.67 రెట్లే, చాలదు.

అందుకే ఆ రోజు పవర్‌బాల్ కొనిపించాను. ముప్ఫై టికెట్లలో ఒకదానికి నాలుగు డాలర్లు వచ్చాయి, అంతే. కానీ నా లెక్కలో చిన్న బహుమతులు లేవని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. పవర్‌బాల్‌లో జాక్‌పాట్ కాని బహుమతులన్నీ కలిపి చూస్తే టికెట్‌కి సగటున 32 సెంట్లు, అంటే డాలర్‌కి 16 సెంట్లు. మెగాలో 2025 ఏప్రిల్ నుంచి ప్రతి టికెట్‌కీ జాక్‌పాట్ కాని బహుమతిని 2 నుంచి 10 రెట్లు చేసే మల్టిప్లయర్ ఉంటోంది. దాని సగటు 3. దాంతో టికెట్‌కి దాదాపు 1.12 డాలర్లు, అంటే డాలర్‌కి 22 సెంట్లు వస్తాయి.

ఇక జాక్‌పాట్ వాటా. ప్రకటించే అంకె 30 వాయిదాల్లో ఇచ్చేది. ఒకేసారి తీసుకుంటే సుమారు 45 శాతమే అనుకోండి, అందులో 37 శాతం ఫెడరల్ పన్ను. స్టేట్ ట్యాక్స్‌నీ, చిన్న బహుమతుల మీద పన్నునీ పక్కన పెట్టాను. 300 మిలియన్లలో చేతికొచ్చేది 85, 500లో 142. దాన్ని గెలిచే అవకాశంతో గుణించి, టికెట్ ధరతో భాగిస్తే డాలర్‌కి పవర్‌బాల్‌లో దాదాపు 15 సెంట్లు, మెగాలో 10. మొత్తం కలిపితే పవర్‌బాల్ 31, మెగా 32. ఇంత చిన్న తేడాని నేను సమానమనే అంటాను. జాక్‌పాటే కావాలంటే పవర్‌బాల్ తీసుకోండి. చిన్న బహుమతుల సగటు రాబడి ఎక్కువ ఉండాలంటే మెగా.

రెండు జాక్‌పాట్‌లూ ఒకేలా ఉంటే? దాదాపు 220 మిలియన్ల వరకూ మెగా, అది దాటితే పవర్‌బాల్. అయితే బిలియన్ దాటినప్పుడు ఈ లెక్కని అలాగే పొడిగించకండి. అప్పుడు కొనేవాళ్ళు విపరీతంగా పెరుగుతారు, గెలిచినా పంచుకోవాల్సి రావచ్చు. 2016 జనవరిలో 1.586 బిలియన్ల పవర్‌బాల్ జాక్‌పాట్‌ని మూడు టికెట్లు పంచుకున్నాయి. మీరు కాలిఫోర్నియాలో ఉంటే మాత్రం చిన్న బహుమతులు అమ్మకాలని బట్టి మారతాయి కాబట్టి, నా 16, 22 సెంట్ల అంకెలు అక్కడ అలాగే పనికిరావు.