పొదుపు సంఘానికి పేరు: గొడవ లేకుండా ఎట్ల తేల్చాలి?

"నర్సంపేట దగ్గర మా ఊళ్లో 12 మందిమి కొత్తగా పొదుపు సంఘం పెడుతున్నం. ఒకామె వాళ్ల అత్తమ్మ పేరు పెట్టమంటది, మిగతావాళ్లు శ్రీలక్ష్మి అంటరు. ఏ పేరైతే అందరికీ మనది అనిపిస్తది?"

అక్కా, అత్తమ్మ పేరు మాత్రం వద్దు. పేరు ఒక ఇంటిదైతే సంఘమూ ఆ ఇంటిదే అనుకుంటరు. ఆ ఇంట్ల కిస్తీ ఆగిన రోజు అడగనీకి మిగతా 11 మందికీ నోరు రాదు. ఎట్లయినా ఊరంతా లీడర్ పేరుతోనే "ఫలానా అక్క సంఘం" అంటది, దానికి మనమే బోర్డు కట్టియ్యొద్దు.

శ్రీలక్ష్మిల తప్పు లేదు గానీ ఆ పేరు ఊరూరా ఉంటది. ఒకే బ్రాంచిల రెండు శ్రీలక్ష్మిలుంటే ఒకరు కట్టిన పైసలు ఇంకొకరి ఖాతాల పడొచ్చు. ముందుగాల గ్రామ సంఘం పుస్తకంల, బ్యాంకుల ఆ పేరు ఉందేమో చూడుండ్రి. మీల ముస్లిం, క్రైస్తవ అక్కలుంటే దేవుని పేరు వాళ్లకు పరాయిగ ఉంటది, బయటికి చెప్పరు. 'బ్యాంకు', 'చిట్‌ఫండ్' అన్న మాటలు పేర్ల పెట్టొద్దు, వాటికి చట్టమే అడ్డం.

అందరికీ చెందినదాన్ని తీసుకోండ్రి: చెరువు, చెట్టు, వాడ, చేసే పని. తేల్చేటప్పుడు చేతులెత్తియ్యొద్దు, పెద్దామె దిక్కు చూసి ఎత్తుతరు. మూడు పేర్లనుకుంటే చాటుకు మూడు గిన్నెలు పెట్టుండ్రి. తంగేడుకు తంగేడు పువ్వు, పాకాల చెరువు పేరుకు చెంబెడు నీళ్లు, శ్రీలక్ష్మికి దీపం పక్కన పెడితే చదువు రానోళ్లకూ తెలుస్తది. (తామరపువ్వు వద్దు, పార్టీ గుర్తయితది.) మనిషికి రెండు చింతగింజలు, రెండూ ఒకే గిన్నెల వెయ్యొద్దు. ఒక్కటే గింజ ఇస్తే ఎవరి పేరుకు వాళ్లు వేసుకుంటరు. రెండోది ఇస్తే 'ఇదీ ఒప్పుకుంట' అన్నది బయటపడతది. మొత్తం 24 గింజలు: తంగేడుకు 11, పాకాలకు 7, శ్రీలక్ష్మికి 6 వచ్చినయనుకోండ్రి. 12 మందిల 11 మంది తంగేడును ఒప్పుకున్నట్టు. తొమ్మిది మందన్న ఒప్పుకోకపోతే పై రెండిటికీ మళ్లీ వెయ్యుండ్రి, ఈసారి మనిషికి ఒక్కటే గింజ.

అసలు చిక్కు స్పెల్లింగుల ఉంటది. పాస్‌బుక్కుల THANGEDU, స్టాంపుల TANGEDU ఉంటే లోను కాగితాలు వెనక్కొస్తయి. అందుకే స్టాంపు చేయించకముందే తీర్మానం పుస్తకంల తెలుగు పేరు, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలు, ఊరి పేరు ఇట్ల రాయుండ్రి: "ఈ రోజు ఫలానా ఊరి సమావేశంలో 12 మంది సభ్యులం మా సంఘానికి తంగేడు మహిళా పొదుపు సంఘం (THANGEDU MAHILA PODUPU SANGHAM) అని పేరు పెట్టుకున్నాం." కింద అందరి సంతకాలు, సంతకం రానోళ్ల వేలిముద్రలు. బ్యాంకు ఫారం నింపేటోళ్లకు ఆ పేజీ తెరిచి చూపెట్టుండ్రి, నోటితో చెప్పొద్దు. పాస్‌బుక్కు చేతికి రాంగనే కౌంటర్ కాడనే ఒక్కొక్క అక్షరం పోల్చుకోండ్రి.