తల్లిదండ్రులతో విడివిడి సమావేశాలు: ఆహ్వాన సందేశం ఎలా రాయాలి?

ప్రశ్న: మా తరగతిలో 28 మంది పిల్లలున్నారు. ఒక్కొక్కరి తల్లిదండ్రులతో విడిగా మాట్లాడాలి. ఏ సమయానికి రావాలో వాళ్లే ఎంచుకునేలా, ఏమేం తేవాలో తెలిసేలా సందేశం ఎలా రాయను?

జవాబు: తరగతి ఉపాధ్యాయురాలిగా మొదటి ఏడాది నేను "మీకు వీలైన సమయం తెలియజేయగలరు" అని రాసి పంపాను. సగానికి పైగా తల్లిదండ్రులు సాయంత్రం ఆరు తరువాతి సమయమే అడిగారు. వారిని ఒప్పించి సర్దడానికి రెండు రోజులు ఫోనులోనే గడిచాయి. తప్పు నా సందేశానిదే.

అప్పటినుంచి ముందు స్లాట్లు లెక్కవేసుకుని, ఆ తరువాతే సందేశం రాస్తున్నాను. మాటలకు 12 నిమిషాలు, విన్నది రాసుకోవడానికి 3 నిమిషాలు, మొత్తం 15. మూడు నుంచి ఏడు గంటల వరకు కూర్చుంటే రోజుకు 16, రెండు రోజులకు 32 స్లాట్లు వస్తాయి. మీకు కావలసినవి 28 కనుక, మిగిలే నాలుగింటిలో రోజుకొకటి మధ్యలో, ఒకటి చివర ఖాళీగా ఉంచండి. ఒకరితో మాట సాగి ఆలస్యమైతే మధ్య ఖాళీ దాన్ని సర్దుతుంది. రాలేకపోయిన వారికి చివరిది పనికొస్తుంది.

సందేశంలో ఒక్క సమయం కాక, మూడు సమయాలను ఇష్టక్రమంలో అడగండి. వాటిలో ఒకటైనా రెండవ రోజుది ఉండాలని స్పష్టంగా రాయండి. ముందు అడిగిన వారికే ముందు ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే పనివేళల్లో ఫోను చూడలేని వారికి అందులో అన్యాయం జరుగుతుంది. గడువు ముగిశాక, ఒకే సమయం కుదిరే వారికి మొదట కేటాయిస్తాను. ఒకసారి ఒక తల్లి 3:15 తప్ప మరేదీ కుదరదన్నారు. అదే మొదటి ఎంపికగా రాసిన మరొకరికి రెండవ ఎంపికైన 4:30 ఇవ్వగా, ఇద్దరికీ ఇబ్బంది కలగలేదు. తోబుట్టువులున్న కుటుంబాలకు ఇంకో ఉపాధ్యాయురాలితో మాట్లాడి వరుస స్లాట్లు ఇవ్వడం మంచిది.

తెచ్చేవాటి జాబితా కురచగా ఉండాలి. అన్ని నోటుపుస్తకాలూ తెమ్మన్న ఏడాది పేజీలు తిప్పడంతోనే సమయం అయిపోయింది. పిల్లల పని నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఇలా రాస్తున్నాను:

"నమస్కారం. మీ పిల్లల చదువు గురించి మీతో విడిగా 12 నిమిషాలు మాట్లాడదలచాను. కింది స్లాట్లలో మూడింటిని ఇష్టక్రమంలో శుక్రవారంలోగా తెలియజేయండి. ఒకటైనా రెండవ రోజుది కావాలి. ఖరారైన సమయాన్ని సోమవారం మీకు విడిగా పంపుతాను. గత ప్రగతి పత్రం, మీరు అడగదలచిన రెండు ప్రశ్నలు రాసిన కాగితం తీసుకురండి. చూపు, వినికిడి వంటి పరీక్షల నివేదికలు ఉంటే, మీకు ఇష్టమైతేనే చూపించండి. ఈసారి పిల్లలను తీసుకురానవసరం లేదు."

గడువులోగా జవాబు రాని వారికి మళ్లీ గుర్తుచేయడం కన్నా, మిగిలిన ఒక స్లాటు కేటాయించి "కుదరకపోతే చెప్పండి" అని రాస్తే త్వరగా స్పందిస్తారు.