జీతం ఖరారయ్యాక ఇంటి నుంచి పని అడగవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి గచ్చిబౌలిలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. జీతం మాట్లాడేసుకున్నారు. వారంలో 5 రోజులూ ఆఫీసుకు రావాలట. వాళ్లుండేది కూకట్‌పల్లిలో, మూడేళ్ల బాబు ఉన్నాడు. ఇప్పుడు వర్క్ ఫ్రం హోమ్ అడిగితే ఆఫర్ పోతుందేమోనని, చేరాక అడగమన్నాను. సరైనదేనా?

జవాబు: కాదండీ. ఎంపిక పూర్తిచేసి, జీతం ఒప్పుకున్న కంపెనీ, మర్యాదగా అడిగిన ఒక్క ప్రశ్నకే ఆఫర్ వెనక్కి తీసుకోవడం చాలా అరుదు. మహా అయితే "కుదరదు" అంటారు. చేరిన తరువాత ప్రొబేషన్‌లో ఉండగా అడగడమే కష్టం. మీ భయాన్ని జాగ్రత్త అనుకుని ఆమెకున్న మంచి సమయాన్ని మీరే వదులుకోమంటున్నారు. ఆమె తరఫున మీరు హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయడం లాంటిది కూడా దయచేసి చేయకండి.

అడగవలసింది హెచ్‌ఆర్‌ను కాదు. వారు పాలసీ చెప్పి ఊరుకుంటారు; టీమ్ పని ఎలా నడవాలో తెలిసినది, మినహాయింపు కోసం పైవారితో మాట్లాడగలిగినది మేనేజరే. అందువల్ల చేరేముందు ఆయనతో పావుగంట మాట్లాడే అవకాశం కల్పించమని హెచ్‌ఆర్‌ను కోరి, జీతం ఊసెత్తకుండా, "మంగళ, గురువారాలు ఇంటి నుంచి పని చేస్తాను, మిగతా రోజులు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు ఆఫీసులో ఉంటాను, రిలీజ్ ఉన్న వారం 5 రోజులూ వస్తాను, 3 నెలల తరువాత సమీక్షించండి" అని స్పష్టంగా అడగాలి. ఇంటి నుంచి పని కుదరదంటే వేళల మార్పు ఒక్కటైనా అడగాలి. దానికి ఒప్పించడం తేలిక. ట్రాఫిక్ పెరగకముందే ఆఫీసు చేరి, బాబును క్రెష్ నుంచి వేళకు తెచ్చుకోగలిగితే ఆమె ఇబ్బందిలో పెద్ద భాగం తీరుతుంది.

పూర్తిగా ఇంటి నుంచే పని అడగమని మాత్రం నేను చెప్పను. కొత్త టీమ్‌లో మొదటి నెలల్లో పక్క సీటువారిని అడిగి నేర్చుకునేది చాలా ఉంటుంది. పైగా పసివాడు ఇంట్లో ఉండగా అతన్ని చూసుకునే మనిషి లేకపోతే, అది ఒకేసారి రెండు ఉద్యోగాలు చేయడమే అవుతుంది.

మేనేజర్ సరేనన్నాక, మాట్లాడుకున్న రోజులు, వేళలు రాసి, హెచ్‌ఆర్‌ను కూడా చేర్చి ఆమె ఆ రోజే మెయిల్ పంపి, జవాబు తెప్పించుకోవాలి. ఆఫర్ లెటర్‌లో "పనివేళలు, పనిచేసే చోటు కంపెనీ నిర్ణయం ప్రకారం మారవచ్చు" అనే వాక్యం తరచుగా ఉంటుంది కనుక ఈ మెయిల్ శాశ్వత హామీ కాదు. అయినా రేపు మేనేజర్ మారితే చూపించడానికి అదొక్కటే ఆధారం. ఆ జవాబు వచ్చేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకూడదు. ఇచ్చేశాక వారు కాదన్నా ఒప్పుకోక తప్పదు. ఆఫర్ గడువు దగ్గరపడితే, మరో 2 రోజులు కావాలని రాతపూర్వకంగా అడగమనండి.