650 గ్రాముల పార్సిల్‌కి 2 కేజీల ఛార్జీ పడితే

ప్రశ్న: "ఇంటి నుంచి ఊలు బొమ్మలు అమ్ముతాను. మా ఇంటి కాటాలో 600 గ్రాములున్న పార్సిల్‌కి కొరియర్ వాళ్లు 2 కేజీలని చెప్పి వాలెట్‌లోంచి డబ్బు కోసేశారు. ఇది న్యాయమేనా? ఎలా చెక్ చేయాలి?"

కాటా బరువు పక్కన పెట్టి ముందు టేపు తీయండి. నేను ఏటికొప్పాక లక్క బొమ్మలు పంపుతాను, నాకూ అచ్చం ఇలాగే అయింది. పార్సిల్ 650 గ్రాములే, కానీ డబ్బా 25×20×15 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5000తో భాగిస్తే 1.5 కేజీలు. అసలు బరువు, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. మీ రేట్ కార్డులో భాజకం ఎంతో తప్పక చూడండి. 4000 ఉంటే ఇదే డబ్బా 1.875 అవుతుంది. అరకేజీ స్లాబుల లెక్కన 2 కేజీలు పడినట్టే.

నాకు భాజకం 5000 అయినా 2 కేజీలు వేశారు. పోర్టల్‌లో వాళ్ల కొలత 26×21×16, అంటే 1.75 కేజీలు. అదే సైజు డబ్బా ఇంకొకటి ప్యాక్ చేసి కొలిస్తే వాళ్లదే కరెక్ట్. డబ్బా అమ్మేవాళ్లు చెప్పే సైజు చాలాసార్లు లోపలి కొలత. దానికి అట్ట మందం, మూత మడతలు, బబుల్ ర్యాప్ నింపితే వచ్చే ఉబ్బు తోడవుతాయి. హబ్‌లో మెషిన్ ఎక్కువగా పొంగిన చోటునే కొలుస్తుంది. అందుకే డిస్ప్యూట్ వేయకుండా ఒప్పుకున్నాను.

ఇంకోసారి మాత్రం అదే డబ్బాకి 41×26×17 అని 4 కేజీలు వేశారు. 20 ఉండాల్సిన వైపు ఒక్కటే 41 అయి రెట్టింపు అయిందంటే అది ఉబ్బు కాదు. వాళ్ల ఫోటో తెరిచి చూస్తే నా డబ్బాకి ఇంకో కవర్ ఆనుకుని ఉంది. రెండిటినీ కలిపి కొలిచేశారు. వెంటనే డిస్ప్యూట్ వేశాను. పికప్‌కి ముందే తీసిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి బతికిపోయాను: కాటా మీద ఒకటి, టేపు పెట్టి మూడు వైపులా ఒక్కొక్కటి, అన్నిట్లోనూ లేబుల్ మీది ఏడబ్ల్యూబీ ట్రాకింగ్ నంబర్ కనిపించేలా. నాలుగు రోజులకి తేడా డబ్బు వాలెట్‌లోకి తిరిగొచ్చింది. పార్సిల్ వెళ్లిపోయాక ఈ ఫోటోలు తీయలేరు. గడువు కూడా చూసుకోండి. నేను వాడే చోట ఏడు రోజులే, దాటితే మనం ఒప్పుకున్నట్టే లెక్క.

మీరైతే ముందు వాళ్ల మూడు కొలతలూ మీ డబ్బా కొలతల పక్కన రాసుకోండి. అన్ని వైపులా ఒక సెంటీమీటర్ తేడా అయితే గెలవడం కష్టం. కవర్‌లో పంపుతుంటే ఊలు బొమ్మలు ఇంకా పొంగుతాయి, కాబట్టి ప్యాక్ చేశాకే కొలవండి.

నేనిప్పుడు 24×19×14 డబ్బా వాడుతున్నాను. లెక్కకి 1.28 కేజీలు వస్తుంది. ప్రతి వైపూ ఒక సెంటీమీటర్ ఉబ్బినా 1.5 దాటదు.